ఉమ్మడి కోత యంత్రం: సర్వసభ్య సమావేశంలో చేయబోయే ప్రసంగంపై అభిప్రాయాలు కావాలి

నాగేటిచాలు

మా సహకార సంఘానికి నేను అధ్యక్షుణ్ని. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఉమ్మడిగా ఒక కోత యంత్రం కొనాలన్న ప్రతిపాదన పెడుతున్నాం. సభ్యులు 20 మంది, అందరి భూమీ కలిపి 80 ఎకరాలు. ఆ రోజు నేను చదవబోయే ప్రసంగంలోని ముఖ్యభాగం కింద ఇస్తున్నాను. ధరలు ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి డబ్బుకు బదులు పాళ్లలో చెప్పాను. బయటి యంత్రానికి ఎకరానికి ఇచ్చే అద్దెను 5 పాళ్లుగా తీసుకున్నాను.

"సభ్యులారా, కోత యంత్రం ఖరీదు 600 పాళ్లు. పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏటా 60 పాళ్లు తరుగుదల కింద పోతాయి. వడ్డీ, బీమా, షెడ్డు కలిపి మరో 40. అంటే యంత్రం పొలంలోకి దిగినా, షెడ్డులోనే ఉన్నా, ఏడాదికి 100 పాళ్ల ఖర్చు తప్పదు. ఆపైన నూనెకు, డ్రైవరు కూలికి, చిన్న మరమ్మతులకు ఎకరానికి 2 పాళ్లు అవుతుంది. నాలుగు ఎకరాల రైతు ఈ యంత్రాన్ని ఒంటరిగా కొనుక్కుంటే ఆ 100 పాళ్లూ నాలుగు ఎకరాల మీదే పడతాయి, కోత ఖర్చు ఎకరానికి 27 పాళ్లకు చేరుతుంది. అదే యంత్రాన్ని మనం ఇరవై మందిమి కలిసి 80 ఎకరాలకు వాడుకుంటే ఎకరానికి 3.25 పాళ్లు మాత్రమే. 27 ఎక్కడ, 3.25 ఎక్కడ? ఒంటరిగా మోయలేని బరువు కలిసి మోస్తే ఇంత తేలికవుతుంది."

ఈ లెక్క సభ్యులకు నచ్చుతుందనే నా నమ్మకం. ఇందులో లోపాలేమైనా ఉంటే సమావేశానికి ముందే చెప్పగలరు.

పొలంగట్టు

అధ్యక్షులవారూ, వినడానికి బాగానే ఉంది కానీ భూములు కలపడం అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. గట్లు చెరిపేసి ఉమ్మడి సేద్యం చేయమంటే ఏ రైతూ ఒప్పుకోడు. ఎవరి విత్తనం వారిది, ఎవరి నీటి తడి వారిది. రేపు సంఘం మూతపడితే నా గట్టు ఎక్కడుందో ఎవరు చూపిస్తారు? "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని పెద్దలు ఊరికే అనలేదు.

నాగేటిచాలు

పొలంగట్టు గారూ, ఈ ప్రతిపాదనలో భూమి ఊసే లేదు. పట్టా, పంట, అమ్మకం అన్నీ ఎవరివి వారివే. ఉమ్మడిగా ఉండేది యంత్రం ఒక్కటే. అయినా మీకు వచ్చిన సందేహమే మా సభ్యులకూ వస్తుంది కాబట్టి ఈ మాటను ప్రసంగం మొదట్లోనే చేర్చుతాను.

లెక్కలపద్దు

సహకార సంఘాల పద్దులు తనిఖీ చేసే ఉద్యోగంలో చాలా కాలం ఉన్నాను. మీ కూడికలు సరిగానే ఉన్నాయి. సరిగా లేనిది మీరు ఎంచుకున్న పోలిక.

నాలుగు ఎకరాల రైతు కోత యంత్రాన్ని ఒంటరిగా కొనడు. ఈ రోజు అతను 5 పాళ్లు ఇచ్చి బయటి యంత్రాన్ని పిలిపించుకుంటున్నాడు. కాబట్టి మీ 3.25ను పోల్చవలసింది అతను నిజంగా చెల్లిస్తున్న 5తో. 27 అన్న అంకెను ఏ సభ్యుడూ తన జేబులోంచి ఇచ్చి ఎరుగడు. సభలో ఎవరో ఒకరు లేచి ఈ మాట అంటే మీ ప్రసంగం అక్కడితో ఆగిపోతుంది. అసలు ఆదా ఎకరానికి 1.75 పాళ్లు. నాలుగు ఎకరాల సభ్యుడికి ఏడాదికి 7, సంఘం మొత్తానికి 140. ఇది చిన్న మొత్తమేమీ కాదు, కానీ 27కూ 3.25కూ మధ్య ఉన్నంత దూరం మాత్రం కాదు.

సరైన పోలిక పెట్టుకుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. బయటి అద్దె 5లోంచి నడిపే ఖర్చు 2 తీసేస్తే, సంఘం కోసే ప్రతి ఎకరం ఆ 100 పాళ్ల స్థిర ఖర్చు వైపు 3 పాళ్లు తెచ్చిపెడుతుంది. 100ను 3తో భాగిస్తే 33 దాటుతుంది. అంటే ఏడాదికి 34 ఎకరాలైనా కోయలేని సంఘం యంత్రం కొనడం కన్నా అద్దెకు తెచ్చుకోవడమే మేలు. కలిసినంత మాత్రాన లాభం రాదు, ఈ గీత దాటేంత పని ఉంటేనే వస్తుంది. మీకు 80 ఎకరాలున్నాయి కాబట్టి గీతకు చాలా పైనే ఉన్నారు. కానీ ఆ 80 ఎకరాలూ ఏటా సంఘం యంత్రం కిందికే వస్తాయని మీకు హామీ ఏది? మీ ప్రసంగం సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది.

కంకి

లెక్కలపద్దు గారు కింది గీత చెప్పారు, నేను పై గీత గురించి అడుగుతాను. నేను ఇలాంటి సంఘంలోనే సభ్యుణ్ని. వరుసలో చివరి పేరు నాదైన ఏడాది పంట ఎండి, గింజ నేల రాలుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. యంత్రం మరో రైతు పొలంలో తిరుగుతోంది. ఆ ఏడాది నాకు సంఘం ఆదా చేసింది ఎంత, పోగొట్టింది ఎంత?

పొలంలో కోతకు అనువైన రోజులు పన్నెండు అనుకోండి. పొద్దున మంచు ఆరే దాకా యంత్రం దిగకూడదు, దిగితే తడి గడ్డి లోపల చుట్టుకుపోతుంది. కాబట్టి రోజుకు ఎనిమిది గంటలకు మించి పని సాగదు. ఒక రోజు వాన, ఒక రోజు మరమ్మతు తీసేస్తే మిగిలేవి పది రోజులు, 80 గంటలు. పొలం మారడం, మలుపులు అన్నీ కలుపుకుని గంటకు ఎకరం లెక్కన సరిగ్గా 80 ఎకరాలు. అంటే అధ్యక్షులవారి సంఘం ఇప్పటికే అంచు మీద ఉంది. ఎక్కువమంది చేరితే ఖర్చు ఇంకా తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సంఘాన్ని 30 మందికి, 120 ఎకరాలకు పెంచితే కాగితం మీద ఎకరానికి 2.83 వస్తుంది, పొలంలో మాత్రం 40 ఎకరాల పంట గడువు దాటి నిలబడుతుంది.

ఎకరా పంట విలువ 70 పాళ్లు అనుకుంటే, అందులో నూటికి రెండున్నర వంతు రాలిపోతే చాలు, మీరు చెప్పే 1.75 అక్కడితో సరి.

మూడోవాటా

ఇవన్నీ నమ్మకం లేని చోట వచ్చే తగాదాలు. సహకారం అంటే సమానత్వం. 600 పాళ్లను ఇరవై మందికీ సమానంగా, తలా 30 పాళ్లు వేసుకోవాలి. తలా ఒక ఓటు, తలా ఒక వాటా, తలా ఒక వంతు. చీటీ వేసి వరుస నిర్ణయించుకుంటే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

లెక్కలపద్దు

మూడోవాటా గారూ, ఓటు విషయంలో మీ మాటే సరైనది. ఎకరం ఉన్నవారికీ పది ఎకరాలు ఉన్నవారికీ ఒక్కటే ఓటు ఉండాలి. పెట్టుబడికి మాత్రం ఆ సూత్రం పనికిరాదు. ఎకరం రైతు 30 పాళ్లు కట్టి యంత్రాన్ని ఒక్క గంట వాడుకుంటాడు. పది ఎకరాల రైతూ 30 పాళ్లే కట్టి పది గంటలు వాడుకుంటాడు. పెద్ద రైతు యంత్రానికి చిన్న రైతు అప్పు ఇచ్చినట్టే కదా ఇది! పేరుకు సమానత్వం, ఫలితం తలకిందులు.

వాటా ధనాన్ని ఎకరాల మీద వేయాలి. 600ను 80తో భాగిస్తే ఎకరానికి 7.5 పాళ్లు. ఎకరం రైతు 7.5, నాలుగు ఎకరాల రైతు 30, పది ఎకరాల రైతు 75 కట్టాలి. ఫ్రాన్సులో 1945 నుంచి ఉమ్మడి యంత్రాల కోసమే ప్రత్యేకంగా సహకార సంఘాలు నడుస్తున్నాయి, వాటిని క్యూమా అంటారు. అక్కడ చేరే రైతు ఫలానా యంత్రాన్ని ఇన్ని ఎకరాలకు వాడుకుంటానని కొన్నేళ్లకు ముందే రాసిస్తాడు, వాటా ధనం ఆ మాటకు అనుగుణంగానే కడతాడు. మిగులు పంపకంలోనూ పాత సంప్రదాయం ఇదే. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది పెట్టిన సంఘం తన మిగులును పెట్టుబడిని బట్టి కాకుండా, ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచింది.

ఇక చీటీ సంగతి. చీటీలో మొదటి పేరు వచ్చినవారి పంట ఇంకా పచ్చిగా ఉంటే ఏం చేస్తారు?

నాగేటిచాలు

పోలిక మార్చాలన్న సూచన సబబుగానే ఉంది. కానీ 27 పాళ్ల అంకెను పూర్తిగా తీసివేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. మా సభ్యుల్లో ఇద్దరు నిజంగానే సొంత యంత్రం కోసం అప్పుకు తిరుగుతున్నారు. వారికి ఆ అంకె కనిపించాలి. మిగతావారి కోసం 5తో పోలిక పెడతాను.

ఎకరాలు ఏటా వస్తాయన్న హామీకి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. సభ్యుడు సంఘం యంత్రాన్నే వాడాలని నియమావళిలో రాస్తే సరిపోతుందా?

లెక్కలపద్దు

రాయడం తేలిక, అమలు చేయడమే కష్టం. పంట పండి ఉన్నప్పుడు పక్క పొలానికి వచ్చిన బయటి యంత్రం ఖాళీగా కనిపిస్తే రైతు పిలుస్తాడు. సాటి సభ్యుడి మీద జరిమానా వేయడానికి పాలకవర్గంలో ఎవరికీ నోరు రాదు. అలా కొందరు జారుకుని 80 ఎకరాలు 50కి తగ్గాయనుకోండి. 100ను 50తో భాగిస్తే 2, నడిపే ఖర్చు కలిపి ఎకరానికి 4 పాళ్లు. నిజాయతీగా మిగిలినవారికే రేటు పెరిగింది. బయటి అద్దెకు ఇక ఒక్క పాలే తేడా కాబట్టి ఇంకొందరు జారుకుంటారు. 34 ఎకరాలకు దిగేసరికి రేటు దాదాపు 5. ఆ మరుసటి ఏడాది యంత్రం అమ్మకానికి పెడతారు. నేను చూసిన ఉమ్మడి యంత్రాల్లో చాలావాటి కథ ఈ మెట్ల మీదుగానే నడిచింది. యంత్రం చెడి మూతపడ్డవి తక్కువ.

దీనికి మందు రేటును రెండు ముక్కలు చేయడం. మొదటి ముక్క స్థిర రుసుము. సభ్యుడు రాసిచ్చిన ప్రతి ఎకరానికి 1.25 పాళ్లు, కోతకు ముందే, వాడినా వాడకపోయినా కట్టాలి. రెండోది నడిపే ఖర్చు, 2 పాళ్లు, కోసిన దానికే. ఇప్పుడు బయటి యంత్రాన్ని పిలిచే సభ్యుడి లెక్క చూడండి. ఆ యంత్రానికి 5 ఇస్తాడు, ఇక్కడ కట్టేసిన 1.25 తిరిగి రాదు, మొత్తం 6.25. సంఘం యంత్రం కోసం ఆగితే అదనంగా ఇవ్వవలసింది 2 మాత్రమే. అతను వెళ్లిపోయినా మిగిలినవారి రేటు పెరగదు. జరిమానా అన్న మాటే అక్కరలేదు, ఎవరి మొహం ఎవరూ చూడలేని పరిస్థితి రాదు.

ఇంకొక్కటి. ఆ 1.25లో 0.75 తరుగుదల వాటా. రెండో ఏడాదో మూడో ఏడాదో సభలో ఎవరో ఒకరు లేచి, యంత్రం కొనేశాం కదా, ఇంకా ఈ 0.75 ఎందుకు, 2.5కే కోయండి అంటారు. చప్పట్లు కూడా పడతాయి. ఒప్పుకుంటే పదేళ్లకు పాత ఇనుము మిగులుతుంది, 600 పాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఆ డబ్బును విడి ఖాతాలో వేసి, మరో యంత్రం కొనడానికి తప్ప తీయకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించండి. తర్వాత అడిగితే వయసు పైబడిన సభ్యులు ఒప్పుకోరు, వచ్చే యంత్రం నాటికి తాము సేద్యంలో ఉండమని వారికి తెలుసు.

స్పానర్

నేను కోత యంత్రాల డ్రైవరును, మరమ్మతులూ చేస్తాను. ఎకరానికి 2 పాళ్లు అని మీరు తేలిగ్గా రాసిన అంకె గురించి నా మాట.

ఉమ్మడి యంత్రాన్ని ఎవరి పొలంలో వారు నడుపుకుంటే ఆ 2 రెండేళ్లు కూడా నిలవదు. పొట్టు రేడియేటరు జల్లెడకు పట్టేస్తుంది. దాన్ని రోజుకు రెండు మూడు సార్లు దులపాలి. తన పని రెండు గంటల్లో అయిపోయే రైతు దులపడు, తర్వాతివాడు దులుపుతాడనుకుంటాడు. మధ్యాహ్నానికి వేడి ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి ఎక్కుతుంది, అప్పటికీ ఆపరు. నేను విప్పిన ఒక సంఘం యంత్రంలో బేరింగు గ్రీజు నోళ్లన్నీ మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. తొమ్మిదిమంది నడిపారట, గ్రీజు కొట్టింది నేనే అని చెప్పినవారు ఒక్కరూ లేరు. యంత్రానికి ఒకే డ్రైవరును పెట్టండి, జీతం సంఘమే ఇవ్వాలి. ఏ రైతు దగ్గరా అతను విడిగా డబ్బు తీసుకోకూడదు, తీసుకుంటే వరుస అతని చేతిలోకి పోతుంది.

రెండోది, నడిపే ఖర్చును ఎకరాల మీద వేయకండి, గంటల మీద వేయండి. గాలికి పడిపోయిన పంట కోయాలంటే కత్తెర పట్టీని నేలకు ఆనించి, ఒకే వైపు నుంచి మెల్లగా పోవాలి. గంటకు అర ఎకరం అయితే గొప్ప. నూనె రెట్టింపు, రాయి తగిలి కత్తులు విరిగే భయం కూడా ఎక్కువ. యంత్రం గట్టు దాటి పొలంలోకి దిగేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి గంటల మీటరు చూసి పుస్తకంలో రాయాలి, డ్రైవరూ రైతూ అక్కడికక్కడే సంతకం చేయాలి. సాయంత్రం కూర్చుని గుర్తు చేసుకుని రాసే పుస్తకం తగాదాలకే పనికొస్తుంది.

కంకి

స్పానర్ గారి అనుభవం కాదనను, కానీ పంట పడిపోవడం రైతు తప్పు కాదు. గాలివాన నా పొలాన్నే పడుకోబెడితే, ఆ ఏడాది దిగుబడీ నాకే తగ్గుతుంది, పైగా కోత ఖర్చూ రెట్టింపు. కలిసి ఉండటం వల్ల కష్టం పంచుకోవాలి గానీ, కష్టంలో ఉన్నవాడి బిల్లు పెరగడం ఏమిటి? పడిపోయిన పంటకు పట్టే అదనపు గంటల్ని అందరి మీదా వేయండి.

లెక్కలపద్దు

అక్కడ నాకూ తడబాటు ఉంది. అందరి మీదా వేస్తే అవసరానికి మించి ఎరువు వేసి పైరును ఏపుగా పెంచి పడగొట్టుకునేవారి ఖర్చు కూడా అందరూ మోస్తారు. గాలికి పడిందా, ఎరువుకు పడిందా అని గట్టు మీద తేల్చేవారు ఎవరు? గంటల పద్ధతే తక్కువ చెడ్డదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవడంలో న్యాయం లేదని అనను.

వరుస విషయంలో మాత్రం పనిచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని కోత నాడు తేల్చకండి, విత్తనం నాడే తేల్చండి. 80 ఎకరాలను పక్కపక్క పొలాలుగా నాలుగు దళాలు చేసి, ఒక్కో దళం విత్తే తేదీని రెండు మూడు రోజులు ఎడంగా పెట్టుకుంటే పంటలు వరుసగా పక్వానికి వస్తాయి. యంత్రం ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తే సమయమూ మిగులుతుంది. మొదటి దళం వచ్చే ఏడాది చివరిది కావాలి. దళం లోపల ఎవరిది ముందు ఎండితే వారిదే ముందు, చీటీ అక్కరలేదు.

పొలంగట్టు

ఎవరి విత్తనం వారిది అని నేను మొదట్లోనే అన్నాను. ఇప్పుడు విత్తే తేదీ కూడా సంఘమే చెబుతోంది. భూమి కలపడం లేదన్నారు, బాగానే ఉంది, పంచాంగం మాత్రం కలిపేస్తున్నారు.

నాగేటిచాలు

పొలంగట్టు గారి మాటలో నిజం ఉంది, దాన్ని సభలో దాచను. ప్రసంగం రెండో భాగాన్ని ఇలా తిరగరాశాను:

"సభ్యులారా, ఈ యంత్రం వల్ల మీకు ఎకరానికి మిగిలేది 1.75 పాళ్లు. అది మిగలాలంటే మీరు మూడు వదులుకోవాలి. విత్తే తేదీని మీ దళంతో కలిసి నిర్ణయించుకోవాలి. రాసిచ్చిన ఎకరాలకు 1.25 పాళ్లు కోతకు ముందే కట్టాలి, బయటి యంత్రాన్ని పిలిచినా అది తిరిగి రాదు. యంత్రం మీదే అయినా స్టీరింగు మీ చేతికి రాదు. ఈ మూడూ మీకు బరువనిపిస్తే ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేయండి, అద్దె యంత్రంతోనే సాగుదాం. 34 ఎకరాలకు సంతకాలు రాకపోతే నేనే ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటాను. 80 దాటితే కొత్త సభ్యులను ఈ యంత్రం కింద చేర్చుకోను."

కంకి

ఇలా చెబితే నేను ఓటు వేస్తాను. కానీ ఒకటి మిగిలిపోయింది. సంఘం తన తప్పు వల్ల, అంటే మరమ్మతు ఆలస్యమైనందువల్ల, గడువులోగా యంత్రాన్ని పంపలేకపోతే? నేను గత్యంతరం లేక బయటి యంత్రానికి 5 ఇచ్చుకుంటే, అప్పుడు కూడా నా 1.25 పోవలసిందేనా?

లెక్కలపద్దు

తిరిగి ఇవ్వాలి. అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాసుకోవాలి, తరుగుదల ఖాతాను మాత్రం ముట్టుకోకూడదు. ఎకరానికి మరో 0.10 పాళ్లు వేసి విడిగా ఒక నిధి పెట్టుకుంటే ఏడాదికి 8 పాళ్లు పోగవుతాయి. అంటే ఒక ఏడాది నిధితో ఆరు ఎకరాల రుసుము వెనక్కి ఇవ్వగలరు.

స్పానర్

ఆరు ఎకరాలంటే ఒక్క రోజు పని కూడా కాదు. కోతల మధ్యలో పెద్ద బేరింగు పోతే, విడిభాగం వచ్చి బిగించేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. నిధి కన్నా ముందు షెడ్డులో రెండు బెల్టులు, ఒక కత్తుల సెట్టు, రెండు బేరింగులు కొని పెట్టుకోండి. ఆ ఖర్చు అధ్యక్షులవారి 100 పాళ్లలో ఎక్కడా కనిపించలేదు.

నాగేటిచాలు

నిజమే, అందులో చేర్చలేదు. స్థిర ఖర్చును 104గా పెట్టి లెక్క మళ్లీ వేశాను. రుసుము ఎకరానికి 1.30 అవుతుంది, కింది గీత 35 ఎకరాలకు జరుగుతుంది. లెక్కలపద్దు గారు చెప్పిన 0.10 నిధిని పాలకవర్గం ముందు విడిగా పెడతాను. దాని మీద సభ్యులు ఏమంటారో సమావేశం అయ్యాక ఇక్కడే రాస్తాను.